పుట్ అమ్మి పక్కన పెట్టిన 38,000 డాలర్లు: మా బావగారి ఏడాది లెక్క

2024 ఆగస్టు మూడో వారంలో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. "ఏమయ్యా, ఏడాదిగా పుట్లు అమ్ముతున్నానని చెప్పానుగా. లెక్క వేస్తే 11 శాతం వచ్చింది. బ్యాంకులో పడేస్తే ఇందులో సగం కూడా రాదు" అన్నారు. నేను డల్లాస్‌లో పదకొండేళ్లుగా ఆప్షన్లు అమ్ముతున్నాను కాబట్టి మా ఇంట్లో ఈ విషయాలు నా దగ్గరికే వస్తాయి. పుట్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు అమ్ముకునే హక్కు. దాన్ని అమ్మినవాళ్లు, అవతలివాళ్లు కోరితే ఆ ధరకు షేర్లు కొంటామని మాటిచ్చి, బదులుగా ప్రీమియం అనే రుసుము తీసుకుంటారు. స్టేట్‌మెంట్లు పంపమని అడిగాను.

పన్నెండు నెలల పీడీఎఫ్‌లు వచ్చాయి. లావాదేవీలు తర్వాత చూద్దామని ముందు వడ్డీ ఎంత పడిందో చూశాను. సెప్టెంబరులో 32 సెంట్లు. అక్టోబరులో 32 సెంట్లు. నవంబరులో 31. ఖాతాలో 38,000 డాలర్లు ఉంటే నెలకు వచ్చిన వడ్డీ ఒక చాక్లెట్‌కి కూడా చాలదు. ఆ బ్రోకర్ ఖాతాలో వాడకుండా ఉన్న నగదుకు ఇచ్చే రేటు ఏడాదికి 0.01 శాతం. అంటే సంవత్సరం మొత్తానికి 3 డాలర్ల 80 సెంట్లు.

ఆ పన్నెండు నెలలూ అమెరికాలో వడ్డీ రేట్లు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకోండి. 2023 జులై ఆఖరు నుంచి 2024 సెప్టెంబరు మధ్య వరకు ఫెడరల్ రిజర్వ్ రేటు 5.25 నుంచి 5.50 శాతం దగ్గరే కదలకుండా ఉంది. ప్రభుత్వం ఏడాదిలోపు గడువుతో అప్పు తీసుకునే టీ-బిల్లులు 5.3 శాతం చుట్టుపక్కల ఇచ్చాయి. ఇక్కడ రాసేదంతా ఆ 0.01 శాతానికీ ఈ 5.3 శాతానికీ మధ్య తేడా గురించే. అంకెలను కాస్త గుండ్రంగా చేశాను, బావగారు ఏ కంపెనీ పుట్లు అమ్మారో పేరు చెప్పను. యంత్రాలు తయారుచేసే సంస్థ, మూడు నెలలకోసారి షేరుకు 40 సెంట్ల డివిడెండ్ ఇస్తుంది.

బావగారు చేసిన పని

2023 ఆగస్టు 18న షేరు 100 డాలర్ల దగ్గర ఉంది. ఆయనకు కంపెనీ మీద నమ్మకం ఉంది, కానీ ధర ఎక్కువనిపించింది. "95కి దిగితే కొంటాను" అనుకున్నారు. నాలుగు వారాల తర్వాత ముగిసే 95 స్ట్రైక్ పుట్లు నాలుగు కాంట్రాక్టులు అమ్మారు. స్ట్రైక్ అంటే ముందే అనుకున్న ఆ ధర. కాంట్రాక్టుకు 100 షేర్లు. షేరుకు 1.32 డాలర్ల చొప్పున 528 డాలర్లు ఖాతాలో పడ్డాయి. ధర 95 కిందికి దిగి, షేర్లు కొనాల్సి వస్తే కట్టడానికి 400 షేర్లకు 38,000 డాలర్లు బ్రోకర్ పక్కకు తీసి పెట్టాడు. హామీ సొమ్ము అంటే అదే. గడువు తీరేదాకా దాన్ని ఆయన తాకలేరు.

షేరు 95 పైనే నిలిస్తే ప్రీమియం మిగులుతుంది, మళ్లీ వచ్చే నెలకు అమ్మాలి. ప్రతిసారీ అప్పటి ధరకు 5 శాతం కిందున్న స్ట్రైక్ ఎంచుకున్నారు. ఇలా పన్నెండు సార్లు. పదకొండు నెలలు లాభం, అక్టోబరు నెలలో 520 డాలర్ల నష్టం. నికరంగా 4,218 డాలర్లు. కమిషన్లు ముప్పై డాలర్లకు అటూ ఇటూ, వాటిని వదిలేశాను. 38,000 మీద ఇది 11.1 శాతం. ఆయన చెప్పిన లెక్క తప్పేం కాదు.

కానీ ఆ 11 శాతాన్ని దేనితో పోల్చాలన్న దగ్గరే తేడా వచ్చింది. ఆయన 'బ్యాంకులో పడేస్తే' అన్నారు. ఆ డబ్బు మొత్తాన్ని టీ-బిల్లుల్లో పెట్టి ఏడాది హాయిగా నిద్రపోయినా 2,014 డాలర్లు వచ్చేవి. కాబట్టి రిస్క్ తీసుకున్నందుకు ఆయనకు దక్కిన కూలి 4,218 కాదు, 2,204. మిగతాది ఏ రిస్కూ లేకుండా రావాల్సిన సొమ్మే. అది రాలేదు కాబట్టి ఆ లోటును ప్రీమియంలోంచి పూడ్చుకున్నారు.

ఈ అలవాటు ఎలా వచ్చింది

ఇది నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు. బావగారు పుట్లు అమ్మడం నేర్చుకున్నది 2021లో. అప్పుడు ఫెడ్ రేటు సున్నాకు, పావు శాతానికి మధ్య ఉంది. టీ-బిల్లు కొన్నా, నగదుగా ఉంచినా తేడా కాఫీ ఖర్చుకు మించేది కాదు. అప్పుడు నేర్పిన వాళ్లెవరూ హామీ సొమ్ము ఎక్కడ ఉంచాలో మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ లేదు. 2022 మార్చి నుంచి రేట్లు పెరిగాయి, అలవాటు మాత్రం మారలేదు. నేను చూసిన ఖాతాల్లో ఈ పొరపాటు చేసినవాళ్లు ఎక్కువగా రేట్లు సున్నా దగ్గరున్న రోజుల్లో మొదలుపెట్టినవాళ్లే.

ఇంకో కారణమూ ఉంది. నగదు హామీతో పుట్లు అమ్మితే ఎంత వస్తుందో చూపడానికి చాలామంది షికాగో ఎక్స్ఛేంజ్ వారి పుట్‌రైట్ సూచీని చూపిస్తారు. ఆ సూచీ నియమాల ప్రకారం హామీ సొమ్మంతా టీ-బిల్లుల్లోనే ఉంటుంది. అంటే అది చూపించే రాబడిలో ప్రీమియంతో పాటు వడ్డీ కూడా కలిసి ఉంది. ఆ గ్రాఫ్ చూసి ఉత్సాహపడి, మన ఖాతాలో మాత్రం డబ్బును 0.01 శాతానికి వదిలేస్తే ఆ గ్రాఫ్ మనది కాదు.

వడ్డీ అదనపు బహుమానం కాదు

బావగారికి ఇక్కడే నచ్చజెప్పడం కష్టమైంది. "సరేనయ్యా, రెండు వేలు పోయాయి. అది పైసొమ్ము, వస్తే మంచిది. పుట్ వ్యాపారం వేరు, వడ్డీ వేరు కదా?" అన్నారు. వేరు కాదు. ఆ వడ్డీ మనకు వస్తోందన్న లెక్కతోనే మార్కెట్టు ఆ పుట్‌కు ధర కట్టింది.

ఇది కళ్లతో చూడటానికి ఆగస్టు 18నాటి ఆప్షన్ ధరల పట్టిక తెరిచి, అదే 95 స్ట్రైక్ వరుసలో రెండో వైపు చూడమన్నాను. పుట్ ధర 1.32. అదే స్ట్రైక్ కాల్, అంటే షేరును 95కి కొనుక్కునే హక్కు, ధర 6.74. ఇప్పుడు ఇంకో మనిషిని ఊహించుకుందాం. అతను షేరును 100కి కొని, వెంటనే ఆ 95 కాల్‌ను 6.74కి అమ్మాడు. అతని జేబులోంచి పోయింది 93.26. గడువు రోజున షేరు 95 పైన ఎక్కడున్నా అతను 95కి ఇచ్చేయాలి, కాబట్టి అతని లాభం 1.74. షేరు 95 కింద ఉంటే షేరు అతని దగ్గరే మిగులుతుంది.

బావగారి పరిస్థితి కూడా సరిగ్గా ఇదే. 95 పైన ఉంటే స్థిరమైన లాభం, కింద ఉంటే చేతిలో షేరు. రిస్క్ ఒకటే, గడువు ఒకటే, కట్టిపడేసిన డబ్బూ ఇంచుమించు ఒకటే. కానీ అతనికి 1.74 వస్తే బావగారికి 1.32 వచ్చింది. తేడా 42 సెంట్లు. 95 డాలర్ల మీద 5.3 శాతం చొప్పున ఒక నెల వడ్డీ ఎంతో లెక్కేయండి. 42 సెంట్లే.

పుస్తకాల్లో దీన్ని ఒక్క వరుసలో రాస్తారు. ఆ నెలలో డివిడెండ్ లేదనుకుంటే:

```
P = C - S + K/(1 + r*T)
1.32 = 6.74 - 100 + 95/(1 + 0.053/12)
```

`P` పుట్, `C` కాల్, `S` షేరు ధర, `K` స్ట్రైక్, `r` వడ్డీ, `T` ఏడాదిలో భాగంగా గడువు. అమెరికా షేర్ల ఆప్షన్లను గడువుకు ముందే వాడుకోవచ్చు కాబట్టి నిజమైన ధరలు ఈ సమీకరణం నుంచి కొన్ని సెంట్లు పక్కకు జరుగుతాయి. అయినా దీని భావం మారదు. షేరు కొని కాల్ అమ్మినవాడి 1.74లో నాలుగో వంతు వడ్డీయే. పుట్ అమ్మినవాడు ఆ వడ్డీని టీ-బిల్లు రూపంలో విడిగా తెచ్చుకుంటేనే ఇద్దరూ సమానం. తెచ్చుకోకపోతే, అదే రిస్కును మూడు వంతుల కూలికి మోస్తున్నట్టు.

ఇది విన్నాక బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ప్రతి నెలా 168 డాలర్లు ఎవరికో ఇచ్చేస్తున్నాను" అన్నారు. అవును. 42 సెంట్లు, 400 షేర్లు. ఎవరికో కూడా కాదు, బ్రోకర్‌కే. ఆయన నగదును బ్రోకర్ బ్యాంకుల్లో పెట్టి మార్కెట్టు రేటు తెచ్చుకుంటాడు, అందులో ఆయనకు 32 సెంట్లు పడేస్తాడు. ఇది ఖాతా తెరిచేటప్పుడు సంతకం చేసిన కాగితాల్లో రాసే ఉంటుంది కాబట్టి మోసం అనలేం. కానీ నాకు మాత్రం ఇది చాలా బాధ కలిగించే విషయం. రాత్రింబవళ్లు పనిచేసి దాచుకున్న డబ్బు ఇలా చప్పుడు లేకుండా కరిగిపోతుంటే ఊరుకోబుద్ధి కాదు.

షేర్లే కొని ఉంటే

ఇక అసలు పోలిక. 2023 ఆగస్టు 18న అదే 38,000 పెట్టి 380 షేర్లు కొని, 2024 ఆగస్టు 16 వరకు కదపకుండా ఉంటే? ఆ రోజు షేరు 118. ధరలో పెరుగుదల 6,840, నాలుగు డివిడెండ్లు కలిపి 608. మొత్తం 7,448 డాలర్లు.

| డబ్బు ఉంచిన తీరు | ఏడాదిలో వచ్చింది (డాలర్లు) | శాతం |
|---|---|---|
| అంతా టీ-బిల్లులు | 2,014 | 5.3 |
| పుట్లు, హామీ సొమ్ము 0.01 శాతానికి | 4,222 | 11.1 |
| పుట్లు, హామీ సొమ్ము టీ-బిల్లుల్లో | 6,232 | 16.4 |
| 380 షేర్లు | 7,448 | 19.6 |

బావగారి రాబడికీ షేర్లకూ మధ్య తేడా 3,226 డాలర్లు. పుట్లు అమ్మేవాళ్లు సాధారణంగా దీన్ని చూసి "మార్కెట్ పెరిగింది, పుట్లలో పై లాభం ఉండదు, అంతే" అని సర్దుకుంటారు. కానీ ఈ లోటులో దాదాపు 2,010 డాలర్లు, అంటే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ, పైకి పెరిగిన ధర వల్ల పోయింది కాదు. ఖాళీగా పడి ఉన్న డబ్బు వల్ల పోయింది. పుట్ అనే పద్ధతి వల్ల చేజారింది 1,216 మాత్రమే. షేరు 18 శాతం పెరిగిన ఏడాదిలో ఆ మాత్రం పోవడం న్యాయమే. ఏమంటే, మొదటి నెలలోనే షేరు 70కి పడి ఉంటే షేర్లు కొన్నవాళ్లకంటే ఈయనకు షేరుకు ఆరు డాలర్ల పైచిలుకు తక్కువ దెబ్బ తగిలేది.

అయితే 380 షేర్లతో పోల్చడం కూడా పూర్తి న్యాయం కాదని నా అభిప్రాయం. ధరకు 5 శాతం కింద, నెల గడువుతో ఉన్న పుట్ డెల్టా దాదాపు 0.25 ఉంటుంది. అంటే షేరు ఒక డాలరు కదిలితే పుట్ పావు డాలరు కదులుతుంది. నాలుగు కాంట్రాక్టులు అమ్మినా ఆ రోజుకు ఆయన మోస్తున్న రిస్క్ 100 షేర్లంత మాత్రమే. కాబట్టి 100 షేర్లు కొని, మిగతా 28,000 టీ-బిల్లుల్లో పెట్టిన మనిషితో కూడా పోల్చి చూశాను. ఆ మనిషికి 1,800 లాభం, 160 డివిడెండ్, 1,484 వడ్డీ, మొత్తం 3,444 వచ్చేవి. నెలనెలా స్ట్రైకులు ఎంచుకుని, అక్టోబరులో నిద్ర చెడగొట్టుకుని బావగారు తెచ్చింది అంతకంటే 778 డాలర్లు ఎక్కువ. హామీ సొమ్ము పనిచేసి ఉంటే ఆ ఆధిక్యం 2,788 అయ్యేది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ధర పడుతున్న కొద్దీ డెల్టా 0.25 దగ్గర ఆగదు, 1 దాకా వెళ్తుంది. పెరిగిన ఏడాదిలో ఈ పోలిక పుట్‌కు అనుకూలంగా కనిపిస్తుంది, నిలువునా పడిన ఏడాదిలో కనిపించదు.

అక్టోబరులో జరిగింది

లెక్కలో పైకి కనపడని ఖర్చు ఇంకొకటి ఉంది, దాన్ని వడ్డీతో కొలవలేం. 2023 సెప్టెంబరు 15న షేరు 98 ఉండగా బావగారు 93 పుట్లు 1.30కి అమ్మారు. ఆ అక్టోబరులో మార్కెట్టంతా దిగింది. గడువుకు ముందు రోజు, గురువారం, షేరు 90.60. ఆయన కంగారుపడి పుట్లను 2.60కి తిరిగి కొని బయటపడ్డారు. అదే 520 నష్టం.

"ఎందుకు కొన్నారు బావగారూ? 95కి దిగితే షేర్లు కావాలనేగా మొదలుపెట్టారు?" అని అడిగాను.

"ఇంకా పడుతుందేమోనని భయమేసింది" అన్నారు.

ఆ రోజు ఆయన ఊరుకుని ఉంటే 400 షేర్లు 93 చొప్పున వచ్చేవి, ప్రీమియం తీసేస్తే అసలు ఖరీదు 91.70. ఏడాది చివర 118. ఇది జరిగాక చూసి చెప్పే లెక్క కాబట్టి దాన్ని నష్టంగా రాయను. కానీ ఒకటి తేలింది. షేరు నిజంగా కావాలనుకునేవాళ్లకు పుట్ అమ్మడం కొనుగోలుకు ఒక దారి. షేరు వద్దు, ప్రీమియమే కావాలనుకునేవాళ్లకు అది బీమా అమ్మడం. బావగారు మొదటిదని చెప్పుకుంటూ రెండోది చేశారు. రెండోది చేసేవాళ్లు తమ రాబడిని షేర్లతో కాకుండా టీ-బిల్లులతో పోల్చుకోవాలి. అప్పుడు హామీ సొమ్ము వడ్డీ మరింత పెద్దగా కనిపిస్తుంది.

మార్చి నుంచి ఇంకో చిన్న చిల్లు పడింది. షేరు 109 దాటాక 5 శాతం కింద స్ట్రైక్ అంటే 103. నాలుగు కాంట్రాక్టులకు 41,200 కావాలి, ఖాతాలో 40,000 లేవు. కాబట్టి మూడే అమ్మగలిగారు. 30,900 హామీకి పోగా 9,000 పైచిలుకు డాలర్లు ఏ పుట్‌కూ హామీ కాకుండా, వడ్డీ కూడా లేకుండా ఆరు నెలలు కూర్చున్నాయి. కాంట్రాక్టు వంద షేర్ల ముక్క కావడం వల్ల చిన్న ఖాతాలకు ఈ ఇబ్బంది తప్పదు. షేర్లు కొన్నవారికి ఈ బెడద లేదు, మిగిలిన దానితో ఏడు షేర్లయినా కొనుక్కోవచ్చు.

హామీ సొమ్మును పనిలో పెట్టడం

దారులు రెండు. సులువైనది, వాడని నగదు తనంతట తానే మనీ మార్కెట్ ఫండ్‌లోకి వెళ్లే బ్రోకర్ ఖాతా. అక్కడ పుట్‌కు హామీగా ఆ ఫండే లెక్కకు వస్తుంది, మనం చేయాల్సింది ఏమీ లేదు. బావగారి బ్రోకర్ దగ్గర ఆ వసతి లేదు. ఆయన నా మాట విని తొందరపడి 38,000తో ఒక మనీ మార్కెట్ ఫండ్ విడిగా కొనేశారు. మర్నాడు పుట్ అమ్మబోతే ఆర్డర్ తిరస్కరించారు. నగదు ఖాతాలో హామీ అంటే వాళ్లకు నగదే, విడిగా కొన్న ఫండ్ కాదు. అందుకని డబ్బు కదిపే ముందే ఒక్క కాంట్రాక్టు ఆర్డర్ నింపి, పంపకుండా `Preview` నొక్కి, హామీగా ఏది తగ్గుతోందో చూడాలి.

రెండోది మార్జిన్ ఖాతా, అంటే మన ఆస్తుల మీద బ్రోకర్ అప్పు ఇచ్చే ఖాతా. అందులో టీ-బిల్లులను హామీగా తీసుకుంటారు. ఏడాదిలోపు గడువున్న ప్రభుత్వ బిల్లులకు అమెరికా బ్రోకర్ల నియమాల ప్రకారం ఉంచాల్సిన కనీస మార్జిన్ విలువలో 1 శాతమే, కాబట్టి దాదాపు పూర్తి విలువ హామీకి పనికొస్తుంది. బిల్లులు నేరుగా కొనడం చిరాకనుకుంటే `SGOV` లాంటి ఈటీఎఫ్ ఉంది, మూడు నెలల్లోపు బిల్లులే అందులో ఉంటాయి. దానికి మార్జిన్ ఎంత అడుగుతారో మాత్రం మీ బ్రోకర్ దగ్గర చూసుకోండి, బిల్లుకున్న 1 శాతం ఈటీఎఫ్‌కు వర్తించదు. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు ఇంకో లాభం, టీ-బిల్లు వడ్డీ మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. పుట్ ప్రీమియానికి ఆ మినహాయింపు లేదు, పైగా ఎన్నాళ్లు నడిపినా అది స్వల్పకాలిక లాభమే.

మార్జిన్ ఖాతా గురించి బావగారికి గట్టిగా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. బ్రోకర్ దృష్టిలో ఇప్పుడు మీ పుట్‌కు నగదు హామీ లేదు, మార్జిన్ మాత్రమే ఉంది. షేరు 118, స్ట్రైక్ 112 ఉన్న పుట్‌కు నియమం ప్రకారం అడిగేది షేరు ధరలో 20 శాతంలోంచి స్ట్రైక్‌కు ఉన్న దూరం తీసేసి, ప్రీమియం కలిపితే వచ్చేది. కాంట్రాక్టుకు 1,900 డాలర్ల లోపే. ఖాతాలో 42,000 ఉంటే ఇరవైకి పైగా పుట్లు అమ్మనిస్తారు. అవన్నీ అసైన్ అయితే, అంటే మాటిచ్చిన ధరకు షేర్లు కొనాల్సి వస్తే, కట్టాల్సింది రెండు లక్షల ఇరవై వేలకు పైనే. నగదు హామీ అన్న క్రమశిక్షణ ఇక బ్రోకర్ చేతిలో ఉండదు, మన చేతిలోనే ఉంటుంది. స్ట్రైక్ ఇంటూ వంద ఇంటూ కాంట్రాక్టుల సంఖ్య మన బిల్లుల విలువను దాటకూడదు. నేనైతే ఇది కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కనే అంటించుకున్నాను.

రోజుల లెక్క కూడా చూసుకోవాలి. నెలవారీ ఆప్షన్లు మూడో శుక్రవారం ముగుస్తాయి. 2024 మే 28 నుంచి అమెరికాలో షేర్ల సెటిల్‌మెంట్ ఒక్క పనిదినమే, కాబట్టి శుక్రవారం అసైన్ అయిన షేర్లకు సోమవారం డబ్బు కట్టాలి. శనివారం నోటీసు చూసి సోమవారం `SGOV` అమ్మితే డబ్బు మంగళవారం వస్తుంది. ఆ ఒక్క రోజుకు మార్జిన్ అప్పు మీద వడ్డీ పడుతుంది. 93 స్ట్రైక్‌కు 400 షేర్లంటే 37,200, దాని మీద 12 శాతం రేటుకు రోజుకు 12 డాలర్లు. షేరు స్ట్రైక్ కింద ఉందని శుక్రవారం మధ్యాహ్నమే తెలిస్తే అప్పుడే `SGOV` అమ్మేయడం మేలు. నేరుగా బిల్లులు కొనేవాళ్లకు ఇంకా చక్కటి వీలుంది. 13 వారాల బిల్లులు గురువారాలు ముగుస్తాయి, సెలవు వస్తే తప్ప. మూడో శుక్రవారానికి ముందు రోజు ముగిసే బిల్లును మార్కెట్లో వెతికి కొంటే, గడువు వేళకు నగదు సిద్ధంగా ఉంటుంది.

గడువుకు ముందే అసైన్ అయ్యే ప్రమాదం కూడా వడ్డీతోనే ముడిపడింది. పుట్ కొన్నవాడి దృష్టితో చూడండి. ఇప్పుడే షేరు అప్పగిస్తే 95 డాలర్లు చేతికొచ్చి వడ్డీ తెస్తాయి. ఆగితే ధర పైకి లేచినప్పుడు బతికిపోయే వీలుంటుంది, ఆ వీలు విలువ అదే స్ట్రైక్ కాల్ ధరంత. కాల్ ధర 20 సెంట్లకు పడిపోయి, గడువు దాకా రావాల్సిన వడ్డీ 35 సెంట్లుంటే అతను ఆగడు, మధ్యలో డివిడెండ్ తేదీ ఉంటే తప్ప. అందుకే నా పుట్ బాగా లోపలికి వెళ్లినప్పుడు, అంటే షేరు స్ట్రైక్ కంటే బాగా కిందికి పడినప్పుడు, నేను పుట్ ధర కంటే ముందు పక్కనున్న కాల్ ధర చూస్తాను.

హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఇదంతా విని తన ఖాతా సంగతి అడిగాడు. అక్కడ షేర్ల ఆప్షన్లు గడువు రోజున మాత్రమే తేలతాయి, లోపల ఉన్నవి షేర్ల మార్పిడితో ముగుస్తాయి, ముందస్తు అసైన్‌మెంట్ భయం లేదు. ట్రేడింగ్ ఖాతాలో మార్జిన్‌గా పడి ఉన్న నగదు సంగతి మాత్రం ఇక్కడిలాగే, మామూలుగా దాని మీద వడ్డీ రాదు. లిక్విడ్ ఫండ్లు, ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి మార్జిన్ తెచ్చుకోవచ్చు, వాటిని నగదుతో సమానంగా చూస్తారు. షేర్లు తాకట్టు పెడితే మాత్రం సగం మార్జిన్ నగదులోనో నగదు సమానంలోనో ఉండాలి.

బావగారు 2024 సెప్టెంబరు మొదట్లో మార్జిన్ ఖాతాకు మారారు. ఏడాది చివర ఖాతాలో ఉన్నది 42,222 డాలర్లు. "ఈ కంపెనీ నాకు నిజంగానే ఇష్టం, ఎన్నాళ్లని దిగుతుందని చూస్తాను" అని 118 చొప్పున 200 షేర్లు కొన్నారు, 23,600. మిగిలిన 18,622 `SGOV`లో పెట్టారు. దాని ఆధారంగా ఒక్క 112 పుట్ మాత్రమే అమ్మారు, 11,200కి. ఇంకో 7,400 ఏ పుట్‌కూ హామీ కాకుండా ఉంది, కానీ వడ్డీ తెస్తోంది.

అక్టోబరు మొదటి వారంలో స్క్రీన్‌షాట్ ఒకటి పంపారు. `SGOV` నుంచి ఆ నెల పడిన 76 డాలర్ల చుట్టూ ఎర్ర గీత గీశారు. కింద, "ఫెడ్ అర శాతం తగ్గించిందిగా, వచ్చే నెల నుంచి ఇది తగ్గుతుంది. పుట్ ధరలో కూడా ఆ తేడా కనిపిస్తుందా?" అని రాశారు. కనిపిస్తుంది, కానీ 5 శాతం కిందున్న పుట్‌లో ఒకటి రెండు సెంట్లకు మించదని చెప్పాను. 95 కాల్, పుట్ ధరలు పక్కపక్కన పెట్టి ఎలా చూడాలో ఆయనకు ఇప్పుడు తెలుసు.